కౌంటబుల్, అన్‌కౌంటబుల్ బిట్లు: తప్పు ఆప్షన్ చూస్తే పిల్లవాడి ఆలోచన తెలిసేలా ఎలా రాయాలి?

అనంత టీచర్ (ఆదివారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. ఫోన్లో తెలుగు కీబోర్డుతోనే టైపు చేస్తున్నా, కాబట్టి ఇంగ్లీషు మాటలు కూడా తెలుగులోనే రాస్తున్నా, సర్దుకోండి.

పోయిన నెల ఎనిమిదో తరగతికి కౌంటబుల్, అన్‌కౌంటబుల్ మీద పది బిట్లు ఇచ్చాను. దాదాపు అందరికీ ఏడు, ఎనిమిది మార్కులు వచ్చాయి. వచ్చేసిందిలే అనుకుని తర్వాతి పాఠానికి పోయాను. వారం తర్వాత ఊరి నీళ్ల ట్యాంకు గురించి ఉత్తరం రాయమంటే వాళ్లు రాసినవి ఇవి: ‘మెనీ వాటర్స్ ఆర్ కమింగ్ ఇన్ ది మార్నింగ్’, ‘దే గేవ్ అజ్ మెనీ ఇన్ఫర్మేషన్స్’, ‘మై అంకుల్ గేవ్ మీ టు అడ్వైసెస్’. బిట్ పేపర్లో ఎనిమిది తెచ్చుకున్న పిల్లలే ఇట్లా రాశారు.

నా బిట్ ఒకటి చూడండి:

హౌ ___ రైస్ డు యు వాంట్?
ఎ) మచ్
బి) మెనీ
సి) ఎ
డి) ఏన్

ఇందులో తప్పెక్కడ ఉంది? పిల్లవాడు తప్పు ఆప్షన్ పెట్టినప్పుడు వాడేమనుకుంటున్నాడో నాకు తెలిసేలా ఎలా రాయాలి?

---

డీఎస్సీ 2 మార్కులు (ఆదివారం, 8:05)

మేడమ్, నాకూ ఇవే కావాలి. అన్‌కౌంటబుల్ నౌన్స్ మొత్తం లిస్టు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. కోచింగ్‌లో 60 ఇచ్చారు, ఇంకా ఉన్నాయంటున్నారు. బిట్లు కూడా ఉంటే కీతో సహా పెట్టండి.

---

అనంత టీచర్ (ఆదివారం, 8:20)

తమ్ముడూ, నేనడిగింది బిట్లు ఎట్లా తయారు చేయాలని. లిస్టు కాదు.

---

కందనవోలు మాస్టారు (ఆదివారం, 9:50)

అమ్మా, మీ బిట్‌లో సి, డి ఎంతమంది పెట్టారో పేపర్లు తిరగేసి చూడండి. ఒక్కరూ పెట్టి ఉండరు. ‘హౌ ఎ రైస్’ అని ఏ పిల్లవాడూ అనడు. కాబట్టి అది నాలుగు ఆప్షన్ల బిట్ కాదు, బొమ్మా బొరుసా ఆట. కళ్లు మూసుకుని పెట్టినా సగం మందికి మార్కు వస్తుంది.

అసలు చిక్కు రైస్ అన్న మాటలోనే ఉంది. ముగ్గురు పిల్లల్ని ఊహించుకోండి. ఒకడు గింజ చిన్నది, ఎవరు లెక్కపెడతారు అనుకుంటాడు. ఇంకొకడు కిలోల్లో అమ్మేవన్నీ అన్‌కౌంటబుల్ అనుకుంటాడు. మూడోవాడు చివర ‘ఎస్’ లేదు కాబట్టి మచ్ అనుకుంటాడు. ముగ్గురి ఆలోచనా తప్పే, ముగ్గురూ మచ్ పెట్టి మార్కు తెచ్చుకుంటారు. మీ పదిలో ఎనిమిది మార్కులు అట్లా వచ్చినవే అయ్యుండొచ్చు.

అందుకని నేను ముందు ఆప్షన్లు రాయను. పిల్లవాడి తప్పు ఆలోచన ఒకటి ఎంచుకుని తెలుగులో ఒక వాక్యంగా రాసుకుంటాను. ఉదాహరణకు ‘కిలోల్లో అమ్మేది లెక్కకు రాదు’. ఆ తర్వాత, ఈ ఆలోచన ఉన్నవాడు ఏ మాట దగ్గర ఖచ్చితంగా తప్పు చేస్తాడు అని వెతుకుతాను. రైస్ దగ్గర చేయడు. ఎర్రగడ్డలు, టమోటాలు, బీన్స్ దగ్గర చేస్తాడు. మార్కెట్లో అన్నీ కాటా మీదే పోతాయి, ఇంగ్లీషులో మాత్రం కౌంటబుల్. మాట దొరికాక ఆప్షన్ రాయడం తేలిక.

---

పెన్న ఒడ్డు (ఆదివారం, 10:30)

మాస్టారు చెప్పింది బాగుంది గానీ నాకు ఇంతకన్నా సులువైన సూత్రం కనిపిస్తోంది. తప్పంతా తెలుగు నుంచే వస్తోంది. నీళ్లు, పాలు, సలహాలు, వార్తలు మనకు బహువచనం. అందుకే వాటర్స్, మిల్క్స్, అడ్వైసెస్, ‘న్యూస్ ఆర్’. తెలుగులో బహువచనమైన ప్రతి మాటకూ ‘ఎస్’ పెట్టి ఒక తప్పు ఆప్షన్ చేయండి, అపోహలన్నీ బయటపడతాయి.

---

కందనవోలు మాస్టారు (ఆదివారం, 11:15)

సగం ఒప్పుకుంటా. నీళ్లు, పాలు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మేడమ్ రాసిన మూడింటిలో ‘ఇన్ఫర్మేషన్స్’ కూడా ఉంది కదా. సమాచారం అన్న మాటకు మనం బహువచనం వాడం. ‘సమాచారాలు వచ్చాయి’ అనే పిల్లవాణ్ణి నేను చూడలేదు. మరి ఆ ‘ఎస్’ ఎక్కడి నుంచి వచ్చింది? ‘మెనీ అంటే వెనకాల ఎస్ ఉండాలి’ అని మనమే క్లాసులో చెప్పిన సూత్రం నుంచి. అది ఇంగ్లీషు లోపల పుట్టిన తప్పు, తెలుగుది కాదు. ఈ రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు.

తెలుగు వల్ల వచ్చిందా కాదా అని తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. నీళ్లకు పక్కన నూనెను పెట్టండి. రెండూ ద్రవాలే, రెండూ ఇంట్లోవే, ఇంగ్లీషులో రెండూ అన్‌కౌంటబుల్. తెలుగులో మాత్రం ‘నీళ్లు ఉన్నాయి’, ‘నూనె ఉంది’. ‘ఎన్ని నీళ్లు పోయాలి’ అంటాం, ‘ఎంత నూనె పోయాలి’ అంటాం. కాబట్టి ఒకే బిట్ రెండుసార్లు, మాట మార్చి ఇవ్వండి:

దేర్ ___ ఇన్ ది పాట్.
ఎ) ఈజ్ సమ్ వాటర్
బి) ఆర్ సమ్ వాటర్
సి) ఆర్ సమ్ వాటర్స్
డి) ఈజ్ ఎ వాటర్

రెండోదాంట్లో వాటర్ బదులు ఆయిల్. డి దగ్గర ‘ఏన్ ఆయిల్’. రెండూ పక్కపక్కన పెట్టొద్దు, మధ్యలో నాలుగైదు వేరే బిట్లు ఉండాలి.

బి పెట్టినవాడికి వాటర్ వెనక ‘ఎస్’ రాదని తెలుసు, కానీ క్రియ తెలుగులోనే ఉండిపోయింది. సి పెట్టినవాడు ఇంకా పూర్తిగా నీళ్లలోనే ఉన్నాడు. డి పెట్టినవాడు ఏ వస్తువైనా ఒకటి అనుకుంటే ‘ఎ’ పెట్టొచ్చు అనుకుంటున్నాడు. నీళ్ల దగ్గర బి, సి పెట్టి నూనె దగ్గర ఎ పెడితే అది తెలుగు బహువచనమే. రెండు చోట్లా ‘ఆర్’ పెడితే ‘సమ్ అంటే చాలా, చాలా అంటే ఆర్’ అనుకుంటున్నాడేమో అడిగి చూడాలి.

---

కడప నాన్న (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

నేను టీచర్ను కాదు, మా పాప ఏడో తరగతి. ఒక సందేహం. పోయిన వారం స్కూల్లో ఒక బిట్: ‘దేర్ ఆర్ టు ___ ఇన్ మై సాంబార్.’ ఆప్షన్లు హెయిర్, హెయిర్స్, పీసెస్ ఆఫ్ హెయిర్స్. పాప హెయిర్స్ పెట్టింది. కీలో తప్పు అని ఇచ్చారు, హెయిర్ అన్‌కౌంటబుల్ అట. పాప ఏడ్చింది. జుట్టు వేరు, వెంట్రుక వేరు కదా నాన్నా అనింది. నాకైతే పాప చెప్పిందే కరెక్టు అనిపించింది.

---

కందనవోలు మాస్టారు (ఆదివారం, 1:40)

పాప చెప్పిందే కరెక్టు సార్. తలమీద జుట్టంతా కలిపి అంటే హెయిర్. సాంబార్లో రెండు వెంట్రుకలు కనిపిస్తే టు హెయిర్స్. మన తెలుగులో రెండు మాటలుగా ఉన్న తేడాను ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో నడుపుతారు. పాప రెండు భాషలూ సరిగ్గా కలుపుకుంది. స్కూలు వాళ్లకు చెప్పండి, మార్కు ఇస్తారు.

మేడమ్, ఇది మీక్కూడా పనికొస్తుంది. మాటకు ‘కౌంటబుల్’ అని ముద్ర ఉండదు, వాక్యంలో ఏ అర్థంలో వాడామన్నదానికి ఉంటుంది. చికెన్, పేపర్, గ్లాస్ లాంటివన్నీ రెండు వైపులా పోతాయి. హోటల్లో ‘టు కాఫీస్’ అనడం తప్పు కాదు. తుంగభద్ర జలాలు అనాల్సివస్తే ‘ది వాటర్స్ ఆఫ్ ది తుంగభద్ర’ అంటారు, అదీ తప్పు కాదు. అందుకే నేను కుండ పెట్టాను. కుండలో ‘వాటర్స్’కు చోటు లేదు. మీ తప్పు ఆప్షన్ ఇంకో సందర్భంలో ఒప్పు కావచ్చు, ఈ వాక్యంలో మాత్రం ఏ కోణంలోనూ ఒప్పు కాకూడదు. రాశాక అరగంట ఆగి, ఆప్షన్ను గెలిపించడానికి మీరే వాదించి చూడండి. వాదన నిలబడితే ఆ బిట్ పడేయండి.

---

అనంత టీచర్ (ఆదివారం, సాయంత్రం 6:25)

పేపర్లు తిరగేశాను సార్. సి, డి నిజంగా ఒక్కరూ పెట్టలేదు.

కిలోల ఆలోచనకు నేను రాసినది:

హౌ ___ డిడ్ యు బై?
ఎ) మెనీ ఆనియన్స్
బి) మచ్ ఆనియన్స్
సి) మెనీ ఆనియన్
డి) మచ్ ఆనియన్

బి పెట్టినవాళ్లు కిలోల్లో ఆలోచిస్తున్నారు. సి పెట్టినవాళ్లకు మెనీ తెలుసు, ఎస్ మర్చిపోయారు. డి వాళ్లు పూర్తిగా రైస్ లెక్కలో ఉన్నారు. సరిపోయిందా?

---

బుడ్డల బస్తా (ఆదివారం, రాత్రి 8:00)

మేడమ్, డి తప్పెట్లా అవుతుంది? కూరలో వేయడానికి తరిగిన ఎర్రగడ్డ గురించైతే ‘హౌ మచ్ ఆనియన్’ అనొచ్చు కదా. నేను హోటల్లో వంట చేస్తాను, ఇంగ్లీషు వంట వీడియోల్లో ‘ఎ లిటిల్ ఆనియన్’ అని వింటుంటా. కొన్నది అన్నా సరే, నాకైతే అనుమానమే.

---

కందనవోలు మాస్టారు (ఆదివారం, 8:35)

భలే పట్టారు. వంటవాళ్లకు తెలిసిన సంగతి ఇది: తరిగితే కౌంటబుల్ పోతుంది. టమోటా, బంగాళాదుంప, కోడి, అన్నిటికీ అంతే. ఆనియన్ తీసేసి బీన్స్ పెట్టండి. ‘మచ్ బీన్’కు దాక్కునే చోటు ఉండదు. లేదా డి నే తీసేయండి.

నాలుగు ఆప్షన్లు ఉండాలన్న పట్టుదల వద్దు. 2005లో మైకేల్ రోడ్రిగెజ్ అనే ఆయన 80 ఏళ్ల పరిశోధనలన్నీ కలిపి చూసి మూడు ఆప్షన్లు చాలని తేల్చారు. నాలుగోది మనం బలవంతంగా రాస్తాం, పిల్లలు ఎట్లాగూ పెట్టరు. వెనక ఆలోచన ఉన్న తప్పు ఆప్షన్లు రెండే దొరికితే రెండే రాయండి.

---

డీఎస్సీ 2 మార్కులు (ఆదివారం, 9:10)

సార్, ఇప్పుడు అర్థమైంది. మా కోచింగ్ నోట్సులో ‘మనీ అన్‌కౌంటబుల్, ఎందుకంటే లెక్కపెట్టలేం’ అని ఉంది. నాకెప్పుడూ ఎక్కలేదు. మా అమ్మ చీటీ డబ్బులు రోజూ లెక్కపెడుతుంది. మరి పిల్లవాడు ‘హౌ మెనీ మనీ’ పెడితే వాడి తప్పా, నోట్సు తప్పా?

---

కందనవోలు మాస్టారు (ఆదివారం, 9:30)

నోట్సుదే బాబూ. మీ అమ్మగారు లెక్కపెట్టేది రూపాయల్ని, నోట్లను. రుపీస్, నోట్స్ రెండూ కౌంటబులే. మనీ అన్న మాటకు ముందు అంకె నిలబడదు, ‘టు మనీస్’ అనలేం, అంతే. లెక్కకు వచ్చేది మాట, వస్తువు కాదు. వస్తువును లెక్కపెట్టగలమా అని నేర్పితే మనీ దగ్గర, ఫర్నిచర్ దగ్గర పిల్లవాడు తప్పు చేయడమే న్యాయం. కంటికి కనిపించనివన్నీ అన్‌కౌంటబుల్ అని నేర్పితే ఐడియా, ప్రాబ్లమ్, మిస్టేక్ దగ్గర పడతాడు. ఈ బిట్లు మన పాఠంలోని తప్పుల్ని కూడా చూపిస్తాయి, అందుకే కొందరు టీచర్లకు ఇవి నచ్చవు.

---

అనంత టీచర్ (గురువారం, సాయంత్రం 5:50)

నిన్న పెట్టాను. నీళ్లు రెండో బిట్, నూనె ఏడోది. క్లాసులో 34 మంది.

నీళ్లు: ఒప్పు 11. ‘ఆర్ సమ్ వాటర్’ 9. ‘ఆర్ సమ్ వాటర్స్’ 12. ‘ఈజ్ ఎ వాటర్’ 2.

నూనె: ఒప్పు 24. ‘ఆర్ సమ్ ఆయిల్’ 4. ‘ఆర్ సమ్ ఆయిల్స్’ 3. ‘ఈజ్ ఏన్ ఆయిల్’ 3.

నీళ్ల దగ్గర ‘ఆర్’ పెట్టిన 21 మందిని పేరుపేరునా చూశాను. వాళ్లలో 15 మంది నూనె దగ్గర ఒప్పు పెట్టారు. నాకు ఒళ్లు జలదరించింది సార్. పదేళ్లుగా ఈ పిల్లలకు రూలు రాలేదనుకుని రూలు మళ్లీ మళ్లీ చెప్తున్నాను. వాళ్లకు రూలు వచ్చు. నీళ్లు అన్న మాటను మాత్రం బహువచనంగానే మోసుకొస్తున్నారు. ఈ రోజు క్లాసులో రూలు ఎత్తలేదు. బోర్డు మీద ‘నీళ్లు ఉన్నాయి, నూనె ఉంది’ అని రాసి, కింద ఇంగ్లీషులో రెండూ ‘ఈజ్’ అని రాశాను. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి ‘టీచర్, పాలు కూడా అంతేనా?’ అని అడిగింది. తనే చెప్పేసింది కదా అని ఊరుకున్నాను.

అడ్వైస్ మీద ఇట్లా రాశాను:

మై అంకుల్ గేవ్ మీ టు ___.
ఎ) అడ్వైసెస్
బి) అడ్వైస్
సి) పీసెస్ ఆఫ్ అడ్వైసెస్
డి) పీసెస్ ఆఫ్ అడ్వైస్

దీంట్లో నేను ఊహించనిది, బి పెట్టినవాళ్లే ఎక్కువ.

---

కందనవోలు మాస్టారు (గురువారం, రాత్రి 7:15)

ఆ బిట్ బాగా కుదిరింది. ‘టు’ వాక్యంలోనే ఉంది కాబట్టి అంకెను తప్పించుకునే దారి లేదు. బి పిల్లలు మీ మాట విన్నవాళ్లే. ‘అడ్వైస్‌కు ఎస్ పెట్టకూడదు’ అని చెప్పారు, పెట్టలేదు. అంకె కూడా నేరుగా అంటకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సి పిల్లలకు పీసెస్ తెలుసు, కానీ రెండు సలహాలు కదా, అడ్వైస్‌కు కూడా బహువచనం ఉండాలి అనుకున్నారు. ‘రెండు గ్లాసుల నీళ్లు’ అన్నప్పుడు మనకు రెండూ బహువచనాలే, అక్కడి నుంచి రావచ్చు. ఇది మాత్రం నా ఊహ. నూనెతో ఒక బిట్ పెట్టి చూస్తేగానీ చెప్పలేం, మనకు ‘రెండు గ్లాసుల నూనె’లో నూనె ఏకవచనమే కదా.

ఒక హెచ్చరిక. 15 మంది అన్నది క్లాసు గురించి చెప్పే మాట. ఒక్కొక్క పిల్లవాడి గురించి అంత ధీమాగా చెప్పొద్దు. ఏమీ తెలియనివాడు గుడ్డిగా పెట్టినా నాలుగింటిలో ఒకటి తగులుతుంది. ఫలానా పిల్లవాడికి ఫలానా అపోహ ఉంది అని చెప్పాలంటే అదే ఆలోచన మీద ఇంకో రెండు బిట్లు ఉండాలి. పాలు, డబ్బులు అందుకు పనికొస్తాయి. లేదంటే పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకు పెట్టావని అడగాలి.

---

పెన్న ఒడ్డు (గురువారం, 8:05)

నీళ్ల లెక్క చూశాక నా మాటే నిజమైందనిపిస్తోంది, ఇన్ఫర్మేషన్ సంగతి మాత్రం మాస్టారిదే. ఒక సలహా. ఐదో ఆప్షన్‌గా ‘నాకు తెలియదు’ పెడితే గుడ్డిగా పెట్టేవాళ్లు అటు పోతారు కదా?

---

అనంత టీచర్ (గురువారం, 8:30)

ఒకసారి పెట్టి చూశాను. మా పిల్లలు అది పెడితే టీచర్ తిడుతుందేమో అని భయపడతారు, ఒక్కరూ ముట్టలేదు. మార్కులు లేని పేపర్ అయితే వేరేమో.

---

కందనవోలు మాస్టారు (గురువారం, 8:50)

నేను పెట్టేవాణ్ణి, నాకు పనిచేసింది. అది పిల్లల్ని బట్టి, పేపర్ను మార్కులకు దిద్దుతారా లేదా అన్నదాన్ని బట్టి.

---

బుడ్డల బస్తా (గురువారం, 9:20)

ఇంకో సందేహం. ‘టెన్ లీటర్స్ ఆఫ్ మిల్క్’ తర్వాత ఈజా, ఆరా? హోటల్‌కు పాలు పోసే ఆయనకు మెసేజీ పెట్టాలన్నప్పుడల్లా ఆగిపోతాను.

---

కందనవోలు మాస్టారు (గురువారం, 9:40)

పది లీటర్లు మొత్తంగా ఒక కొలత అనుకుంటే ‘ఈజ్’. చదువుకున్నవాళ్లు ‘ఆర్’ కూడా రాస్తారు. పాలాయనకు ఏది పంపినా పాలు వస్తాయి. బిట్‌లో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. పెద్దవాళ్లే ఒప్పుకోని చోట పిల్లవాడి అపోహ ఏం తెలుస్తుంది?

---

కడప నాన్న (గురువారం, 9:55)

స్కూల్లో అడిగాను సార్. హెయిర్స్‌కు మార్కు ఇచ్చారు. పాప మీకు థాంక్స్ చెప్పమంది.

---

అనంత టీచర్ (గురువారం, రాత్రి 10:10)

సోమవారానికి రైస్ బిట్ మళ్లీ రాస్తున్నాను, ఈసారి మచ్, మెనీ లేకుండా. ‘దేర్ ___ ఇన్ ది బ్యాగ్’: ఈజ్ సమ్ రైస్, ఆర్ సమ్ రైస్, ఆర్ సమ్ రైసెస్. బియ్యం చివర ‘లు’ లేదు, కానీ మా ఊళ్లో ‘బియ్యం అయిపోయినాయి’ అంటారు. పిల్లలు ‘లు’ను చూసి ‘ఆర్’ పెడుతున్నారా, క్రియను చూసి పెడుతున్నారా అని తెలుసుకోవాలని. రైస్ దగ్గర కూడా నీళ్ల లాగే ‘ఆర్’ ఎక్కువ వస్తే క్రియే కారణం అనుకోవచ్చా మాస్టారూ?

---

కందనవోలు మాస్టారు (గురువారం, 10:30)

అనుకోవచ్చు, కానీ ముందు ఒక పని చేయండి. పేపర్ ఇచ్చే ముందు రోజు పిల్లల చేత తెలుగులో ‘సంచిలో బియ్యం ___’ పూరించమనండి. ‘ఉన్నాయి’ అనేవాళ్లు, ‘ఉంది’ అనేవాళ్లు మీ క్లాసులోనే రెండు రకాలూ ఉంటారేమో. ఆ రెండు గుంపుల్ని విడివిడిగా చూడండి. ఇంకొకటి, రైసెస్ తీసేసి ‘ఈజ్ ఎ రైస్’ పెట్టండి. రైసెస్ అని రాసిన పిల్లవాడు మీ ఉత్తరాల్లో ఎక్కడైనా కనిపించాడా?

---

అనంత టీచర్ (గురువారం, 10:45)

లేడు సార్. ‘ఎ రైస్’ మాత్రం రెండు ఉత్తరాల్లో ఉంది. మార్చేస్తున్నా.